పురిటిబిడ్డ చూపును కొలిచి చదవడం: అందమైన ముఖంపై మొగ్గు పుట్టుకతో వస్తుందా, అలవాటుతో వస్తుందా?

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఆలన్ స్లేటర్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో బిడ్డల వయసును రోజుల్లో కాక గంటల్లో రాశారు. అందరికంటే చిన్న బిడ్డ పుట్టి 14 గంటలైంది, అందరికంటే పెద్ద బిడ్డకు 151 గంటలు. ఒక్కో బిడ్డకు రెండేసి ఆడవాళ్ల ఫోటోలు పక్కపక్కన చూపించారు. వాటిలో ఒకటి పెద్దవాళ్లు అందంగా ఉందన్నది, రెండోది అంతగా లేదన్నది. బిడ్డలు మొదటి రకం ముఖాన్నే ఎక్కువసేపు చూశారు.

దీన్ని పట్టుకుని "అందం గుర్తించడం పుట్టుకతోనే వస్తుంది" అని చాలామంది తేల్చేస్తారు. ఆ తీర్పుకు ఈ ఫలితం ఎంతవరకు బలమిస్తుందో తెలియాలంటే కొలత ఎలా జరుగుతుందో, ఎక్కడ చెడుతుందో తెలియాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో సైకాలజీ, నర్సింగ్, బీఈడీ చదివేవాళ్లు ఇలాంటి అధ్యయనాన్ని చదవడానికైనా, గైడు పర్యవేక్షణలో చిన్నగా చేసి చూడడానికైనా ఈ వరుస పనికొస్తుంది.

మొదటి అడుగు: ఏం కొలుస్తున్నామో స్పష్టం చేసుకోండి

బిడ్డ నోరు విప్పి ఏదీ చెప్పలేదు కాబట్టి మనకు దొరికేది చూపు ఒక్కటే. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఏ వైపు ఎన్ని సెకన్లు చూసిందో లెక్కపెట్టే ఈ పద్ధతిని రాబర్ట్ ఫాంట్జ్ 1950ల చివర, 60ల మొదట్లో వాడుకలోకి తెచ్చాడు. ఒకవైపు ఎక్కువసేపు చూసిందంటే కచ్చితంగా చెప్పగలిగేది ఒకటే: ఆ రెండు బొమ్మల మధ్య బిడ్డకు ఏదో తేడా తెలిసింది, ఆ తేడా కళ్లను ఒకవైపు పట్టి ఉంచింది. అది ఇష్టమా, కుతూహలమా, కొత్తదనమా అన్నది ఈ కొలత ఒక్కటీ చెప్పదు. నెలల పిల్లలు ఒకసారి తెలిసిన ముఖాన్ని, ఇంకోసారి కొత్త ముఖాన్ని ఎక్కువ చూస్తారు. అంతకుముందు ఆ బొమ్మను ఎంతసేపు చూశారన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. అందుకే నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచే "ఇష్టపడింది" అని రాయకండి, "ఎక్కువసేపు చూసింది" అనే రాయండి. ఈ అలవాటు లేకపోతే చివర్లో రాసే తీర్పు తప్పుదోవ పడుతుంది.

ఇష్టం దాకా వెళ్లాలంటే వేరే రకం కొలత కావాలి. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జూడిత్ లాంగ్లోయ్ బృందం 1987లో రెండు మూడు నెలల పిల్లలతోనూ, ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలతోనూ చూపు కొలిచింది. రెండు వయసుల్లోనూ మొగ్గు అందమైన ముఖం వైపే కనిపించింది. 1990లో ఏడాది పిల్లలతో ఇంకో అడుగు ముందుకు వేశారు. పిల్లలకు పరిచయం లేని ఒక స్త్రీ అందమైన మాస్కు ఒకసారి, అందంగా లేని మాస్కు ఇంకోసారి వేసుకుని పిల్లలతో ఆడింది. అందమైన మాస్కు ఉన్నప్పుడు పిల్లలు ఎక్కువ సంతోషంగా, ఎక్కువగా కలిసి ఆడారు. చూపుకంటే ఇది ఇష్టానికి దగ్గరి సాక్ష్యం. అయితే ఏడాది వయసుకు పిల్లలు వేల గంటలు ముఖాలు చూసి ఉంటారు. సాక్ష్యం ఎంత బలమైనదైతే బిడ్డ వయసు అంత ఎక్కువ అవుతోందన్న ఈ చిక్కు చివరిదాకా మనతో వస్తుంది.

రెండో అడుగు: ఫోటోలు సిద్ధం చేయడం

ఎక్కువ అధ్యయనాలు చెడేది ఇక్కడే. ముందుగా "అందం" అన్నది ఎవరు నిర్ణయించారో చూడండి. సరైన పద్ధతి ఇది: ఆ ముఖాలతో పరిచయం లేని పెద్దవాళ్లు కనీసం 40 మంది, ఆడా మగా కలిపి, ఒక్కో ఫోటోకు 1 నుంచి 5 వరకు మార్కు వేయాలి. ఒకరు వేసిన మార్కు మరొకరికి కనబడకూడదు. ఆ సగటుల్లో పై చివర ఉన్నవీ, కింది చివర ఉన్నవీ తీసుకుని జతలు కడతారు, మధ్యరకం ముఖాలను వాడరు. కాబట్టి ఫలితం చెప్పేది కూడా చివరల గురించే. కాస్త అందమైన ముఖానికీ మామూలు ముఖానికీ మధ్య తేడా బిడ్డకు పడుతుందని దాన్నుంచి తేల్చలేం.

తర్వాత జతలో అందం తప్ప మిగతావన్నీ సమానం చేయాలి. పురిటిబిడ్డ చూపు పదును సుమారు 20/400. అంటే మామూలు చూపున్నవాళ్లు 400 అడుగుల నుంచి పోల్చుకోగలిగినదాన్ని బిడ్డ 20 అడుగుల దగ్గరికి వస్తే తప్ప పోల్చుకోలేదు. చర్మం నునుపు, కనురెప్పల వెంట్రుకలు, పెదవుల సన్నటి అంచు బిడ్డకు కనబడవు. కనబడేది నలుపు తెలుపుల పెద్ద తేడాలే: జుట్టు అంచు, కళ్ల మచ్చలు, నోటి గీత. అందువల్ల ఒక ఫోటోలో వెలుతురు కాస్త ఎక్కువ పడినా, జుట్టు ముదురుగా ఉన్నా బిడ్డ చూపు అటే పోతుంది. మీరేమో అది అందం ప్రభావమనుకుంటారు.

మన దగ్గర ఫోటోలు తీస్తే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాటుక కంటి చుట్టూ నల్లటి అంచు కడుతుంది. స్టిక్కర్ బొట్టు నుదుటి మధ్య మూడో మచ్చ అవుతుంది. ముక్కుపుడక వెలుతురులో మెరుస్తుంది, పాపిట కుంకుమ నిలువు గీతలా కనిపిస్తుంది. అలంకరించుకున్న ముఖానికి పెద్దవాళ్లు ఎక్కువ మార్కులు వేస్తారు, బిడ్డ కళ్లకు కూడా అదే ఎక్కువ తేడా చూపిస్తుంది. ఈ రెండూ కలిసిపోతే ఏది దేనివల్లో విడదీయలేం. ఫోటో తీసేటప్పుడే కాటుక, బొట్టు, నగలు తీయించండి. జుట్టు వెనక్కి దువ్వించి ఒకే రంగు గుడ్డతో కప్పండి. నవ్వకుండా, నోరు మూసి, నేరుగా కెమెరా వైపు చూడమనండి. వెనకాల ఒకే బూడిద రంగు తెర పెట్టండి. బొట్టు తీయడం కొందరికి ఇష్టముండదు, బలవంతం వద్దు, వాళ్ల ఫోటో పక్కన పెట్టేయండి. తీసిన ఫోటోలను కంప్యూటర్‌లో బాగా మసకబార్చి ఒకసారి చూడండి. మసకలో కూడా ఒక ముఖం వెలుగులోనో, ముదురు రంగులోనో కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ జత పనికిరాదు.

ఇంకో జాగ్రత్త ఉంది. నల్లగొండ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలకు చూపించే ముఖాలు మహబూబ్‌నగర్ వైపు నుంచి తెచ్చుకోండి, అక్కడి బిడ్డలకు నల్లగొండ వైపువి. రంగూ రూపూ ఒకే ప్రాంతంవి అవుతాయి, కానీ వార్డులో బిడ్డ చూసిన నర్సో, బంధువో ఫోటోల్లో ఉండే అవకాశం తగ్గుతుంది.

మూడో అడుగు: బిడ్డ ముందు పెట్టడం

ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లి రాతపూర్వక సమ్మతి లేకుండా బాలింతల వార్డులో అడుగు పెట్టకూడదు. నెలలు నిండి పుట్టి, డాక్టరు ఆరోగ్యంగా ఉందన్న బిడ్డనే తీసుకోండి. పాలు తాగి, గుడ్డ మార్చి, కళ్లు తెరిచి నిమ్మళంగా ఉన్న సమయం చూసుకోండి. పురిటిబిడ్డకు అలాంటి సమయం రోజులో కొద్దిసేపే ఉంటుంది, దానికోసం మనమే కాచుకుని ఉండాలి.

బిడ్డను ఒకరు నిటారుగా పట్టుకోవాలి. ఏ ఫోటో ఏ వైపు ఉందో వాళ్లకు తెలియకూడదు. తల్లి ఒళ్లో కూర్చున్న పెద్ద పిల్లలైతే తల్లి కళ్లు మూసుకోవాలి, లేకపోతే ఆమె ఒళ్లు తనకు తెలియకుండానే ఒకవైపు ఒరుగుతుంది. ఫోటోలు నిజ ముఖమంత సైజులో, బిడ్డ కళ్లకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పురిటిబిడ్డ ముఖాలను బాగా చూసే దూరం అదే, పాలిచ్చేటప్పుడు తల్లి ముఖం ఉండేదీ దాదాపు అక్కడే. జతను 10 సెకన్లు చూపి, వైపులు మార్చి మళ్లీ 10 సెకన్లు చూపండి. రెండు ఫోటోల మధ్య నుంచి వీడియో తీయండి. తర్వాత ఆ వీడియో చూసి సెకన్లు లెక్కించేవాళ్లకు కూడా ఏ వైపు ఏ ముఖం ఉందో తెలియకూడదు. నాలుగో వంతు వీడియోలను రెండో మనిషి విడిగా లెక్కించి, ఇద్దరి అంకెలు కలుస్తున్నాయో లేదో చూడాలి.

వైపులు మార్చడం ఎందుకంత ముఖ్యమంటే, చాలామంది పురిటిబిడ్డలు తలను కుడివైపు తిప్పుకునే ఉంటారు. వైపు మార్చకుండా ఒక్కసారే చూపితే కుడివైపు ఏ ముఖం పెడితే అదే గెలుస్తుంది.

నాలుగో అడుగు: లెక్క

ఒక ఊహా బిడ్డ అంకెలు వేసి చూద్దాం. మొదటిసారి అందమైన ముఖం కుడివైపు ఉంది. బిడ్డ దాన్ని 5.2 సెకన్లు, ఎడమవైపు ముఖాన్ని 2.8 సెకన్లు చూసింది, మిగతా 2 సెకన్లు ఎటూ చూడలేదు. ఇక్కడే ఆపేస్తే 8కి 5.2, అంటే 65 శాతం. రెండోసారి అందమైన ముఖం ఎడమకు వచ్చింది. దాన్ని 3.9 సెకన్లు, కుడివైపు ముఖాన్ని 3.6 సెకన్లు చూసింది. రెండుసార్లూ కలిపితే అందమైన ముఖానికి 9.1, రెండోదానికి 6.4, మొత్తం 15.5. ఇప్పుడు 58.7 శాతం. అదే బిడ్డ కుడివైపు చూసిన సమయం 8.8, ఎడమవైపు 6.7, అంటే కుడి వైపుకు 56.8 శాతం. మొదట కనిపించిన 65లో కొంత ముఖానిది కాదు, కుడివైపుదని అర్థం.

ఒక్క బిడ్డ అంకెకు విలువ లేదు. బిడ్డలందరి సగటు 50 శాతం కంటే నమ్మదగినంత ఎక్కువ ఉందా అన్నదే ప్రశ్న. సగటు 56 శాతం, బిడ్డకూ బిడ్డకూ మధ్య ప్రామాణిక విచలనం 12 అనుకోండి. 24 మంది బిడ్డలుంటే 12ను 24 వర్గమూలంతో, అంటే 4.9తో భాగిస్తే 2.45 వస్తుంది. 50 మీద అదనంగా ఉన్న 6ను దానితో భాగిస్తే టీ విలువ సుమారు 2.45. తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదనడానికి అంతమందికి టీ విలువ దాటాల్సిన గీత 2.07 కాబట్టి ఫలితం నిలుస్తుంది. అదే సగటు 9 మందితో వస్తే టీ విలువ 1.5 మాత్రమే, దాటాల్సిన గీత 2.31, ఫలితం నిలవదు. పురిటిబిడ్డల్లో చాలామంది మధ్యలో ఏడ్చో, నిద్రపోయో తప్పుకుంటారు కాబట్టి 24 మంది పూర్తి లెక్క కావాలంటే ఇంకా ఎక్కువమందితో మొదలుపెట్టాలి. ఎవరిని ఏ కారణంతో తీసేస్తారో ముందే రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక తీసేస్తే ఏ తీర్పైనా పుట్టించవచ్చు.

56 శాతమంటే ఎంతో కూడా గుర్తుంచుకోండి. పది సెకన్ల చూపులో 5.6కీ 4.4కీ తేడా 1.2 సెకన్లు. అందం మీద బిడ్డకు "మోజు" ఉందనడానికి ఇది చాలదు. చూపు ఒకవైపు కొద్దిగా ఒరిగిందంతే.

ఐదో అడుగు: వయసు పక్కన "అప్పటికి ఏం చూసింది" అని రాయండి

14 గంటల బిడ్డ ముఖాలు చూడనిది కాదు. పుట్టిన క్షణం నుంచి డాక్టరు, ఆయా, తల్లి, అమ్మమ్మ, వార్డులో పలకరించడానికి వచ్చినవాళ్లు ముఖం దగ్గర ముఖం పెట్టి చూశారు. ఆ కొద్ది గంటల్లో నేర్చుకోవడానికి ఏముంటుందనిపిస్తుంది. 1993లో వాల్టన్, బోవర్ చేసిన అధ్యయనం ఆ నమ్మకాన్నే కదిలించింది. పురిటిబిడ్డలకు కొన్ని ముఖాలు చూపించి, తర్వాత ఆ ముఖాల సగటుతో చేసిన కొత్త ముఖాన్నీ, చూడని ముఖాల సగటునూ చూపితే, తాము చూసినవాటి సగటు వైపు మొగ్గారు. దానికి పట్టిన సమయం నిమిషం లోపే.

అందానికీ సగటుకూ సంబంధం ఏమిటంటే, 1990లో లాంగ్లోయ్, రాగ్‌మన్ ముఖాలను కంప్యూటర్‌లో కలిపి సగటు ముఖాలు చేశారు. 16, 32 ముఖాలు కలిపినవి విడి ముఖాలకంటే అందంగా ఉన్నాయని పెద్దవాళ్లు మార్కులు వేశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. బిడ్డ చూసిన ముఖాల నుంచి గబగబా ఒక సగటును కట్టుకుంటే, అందమైన ముఖం ఆ సగటుకు దగ్గరగా ఉంటే, 14 గంటల బిడ్డ మొగ్గు కూడా నేర్చుకున్నదే కావచ్చు. అప్పుడు పుట్టుకతో వచ్చింది అందం నమూనా అనలేం, సగటు కట్టే నేర్పు అనాలి.

ఈ వివరణకూ బలహీనత ఉంది. 2001లో మిషెల్ డి హాన్ బృందం మూడు నెలల పిల్లల్లో సగటు కట్టే నేర్పును చూసింది, నెల పిల్లల్లో చూడలేదు. 2002లో గిలియన్ రోడ్స్ బృందం కొన్ని నెలల పిల్లలు సగటు ముఖానికీ కానిదానికీ తేడా గుర్తించినా, సగటు వైపు మొగ్గలేదని చెప్పింది. వాల్టన్, బోవర్‌ల ఫలితాన్ని తిరుగులేనిదిగా తీసుకోకూడదు. కానీ అది ఉన్నంతకాలం "పుట్టిన వెంటనే కనిపించింది కాబట్టి పుట్టుకతో వచ్చింది" అన్న వాదన దానంతట అది నిలబడదు.

ఆరో అడుగు: తలకిందులు చేసి చూడండి

అందమైన ముఖంలో వెలుతురు తేడాలు ఎక్కువ ఉండడం వల్లే బిడ్డ చూసిందేమోనన్న అనుమానాన్ని తీర్చే తేలికైన ఉపాయం ఫోటోను తలకిందులు చేయడం. నలుపు తెలుపులు అవే ఉంటాయి, ముఖంగా గుర్తించడం మాత్రం కష్టమవుతుంది. స్లేటర్ బృందం 2000లో ఇదే చేసింది. నిటారు ఫోటోల్లో మొగ్గు కనిపించింది, తలకిందులు ఫోటోల్లో పోయింది. మరో పరీక్షలో జుట్టు, ముఖం అంచు ఒకేలా ఉంచి లోపలి కళ్లు, ముక్కు, నోరు మాత్రమే మారిస్తే కూడా మొగ్గు నిలిచింది. అంటే పురిటిబిడ్డకు ముఖం ఎలా అమరి ఉంటుందో ఎంతోకొంత తెలుసు. పుట్టుకతో వచ్చిందన్న పక్షానికి ఇది గట్టి సాక్ష్యమే. మీ అధ్యయనంలో ఈ తలకిందులు జతలు తప్పక చేర్చండి.

అయితే ఆ అమరిక మనిషి అందం కోసమే పుట్టిందా? 2008లో పాల్ క్విన్ బృందం మూడు నాలుగు నెలల పిల్లలకు పిల్లుల ముఖాలు చూపించింది. పెద్దవాళ్లు ముద్దుగా ఉందన్న పిల్లిని పిల్లలు ఎక్కువసేపు చూశారు, తలకిందులు చేస్తే మొగ్గు పోయింది. మంచి జోడీని ఎంచుకోవడానికి ప్రకృతి ఇచ్చిన నేర్పు అన్న వివరణకు ఈ ఫలితం సరిపడదు. పిల్లిముఖం అందాన్ని గుర్తించడంలో మనిషి బిడ్డకు సంతానపరంగా వచ్చే లాభమేమీ లేదు. కంటికి తేలిగ్గా అందే అమరిక ఏదైనా చూపును పట్టి ఉంచుతుందన్న వివరణ ఇక్కడ బాగా ఒప్పుతుంది.

ఏడో అడుగు: నేర్చుకోవడం ఎంత త్వరగా కలుస్తుందో కొలవండి

ఈ వైపు సాక్ష్యం తిరుగులేనంత స్పష్టంగా ఉంది. 2005లో డేవిడ్ కెల్లీ బృందం ఇంగ్లండ్‌లో చూపింది: పురిటిబిడ్డలకు తమ జాతి ముఖాల మీద మొగ్గు లేదు, మూడు నెలలకు వచ్చింది. 2006లో యాయిర్ బార్‌-హైమ్ బృందం ఇంకా చక్కగా విడదీసింది. ఇజ్రాయెల్‌లోని తెల్లజాతి పిల్లలు తెల్ల ముఖాలను, ఇథియోపియాలో ఉన్న పిల్లలు నల్ల ముఖాలను ఎక్కువసేపు చూశారు. ఇజ్రాయెల్‌లో రెండు రకాల ముఖాల మధ్య పెరుగుతున్న ఇథియోపియా సంతతి పిల్లలు మాత్రం ఏ వైపూ మొగ్గలేదు. రక్తం ఒకటే, చూసిన ముఖాలు వేరు. 2002లో క్విన్ బృందం మూడు నాలుగు నెలల పిల్లల్లో అలాంటిదే చూసింది: తల్లి పెంచుతున్నవాళ్లు ఆడ ముఖాల వైపు, తండ్రి పెంచుతున్న కొద్దిమంది మగ ముఖాల వైపు మొగ్గారు.

దక్షిణ తెలంగాణలో చేయదగ్గ అసలు పని ఇక్కడుంది. పురుటికి పుట్టింటికి వచ్చిన తల్లి దగ్గర తొట్టెల దాకా బిడ్డ ఎక్కువగా చూసేది అమ్మ, అమ్మమ్మ, పిన్నమ్మల ముఖాలు. ఆ తర్వాత కొన్ని ఇళ్లలో తండ్రి, తాత ఎత్తుకుంటారు. పాలమూరు వలస కుటుంబాల్లో పనిచోట గుడిసెల దగ్గర ఎవరు చూసుకుంటే వాళ్ల ముఖమే బిడ్డకు పరిచయం. కాబట్టి ఒక పట్టిక పెట్టండి: గత వారంలో రోజుకు ఎన్ని గంటలు ఎవరు ఎత్తుకున్నారు, ఆడా మగా, ఏ వయసు, ముఖం మీద బొట్టు కాటుక ఉన్నాయా. తల్లిని ఒకసారి అడిగి వదిలేయకుండా, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే రోజుల్లో మళ్లీ అడగండి. గుర్తుపెట్టుకుని చెప్పే మాటల్లో తండ్రి సమయం పెరిగి, అమ్మమ్మ సమయం తగ్గే అవకాశం ఉంటుంది.

అవే బిడ్డలను వారం లోపు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి పరీక్షించండి. నాలుగు రకాల జతలు వాడండి: అందమైన, అందంగా లేని ఆడ ముఖాలు, అలాంటివే మగ ముఖాలు, ఈ రెంటికీ తలకిందులు రూపాలు. వారం లోపే ఆడ, మగ ముఖాలు రెంటిలోనూ మొగ్గు సమానంగా ఉండి తలకిందుల్లో పోతే, చూసిన ముఖాలతో సంబంధం లేని అమరిక ఏదో ముందే ఉందనడానికి బలం. ఆడ ముఖాల్లోనే ఉండి మగవాటిలో లేకపోతే, కొద్ది గంటల్లో కట్టుకున్న సగటు అన్న వివరణకు బలం. మూడు నెలలకు ఆ మొగ్గు పట్టికలోని గంటలను బట్టి మారితే, నేర్చుకోవడం ఎక్కడ, ఎంత కలిసిందో అంకెల్లోనే కనబడుతుంది.

చివరి అడుగు: తీర్పు వాక్యం రాయడం

ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యంతో మేము ఒప్పుకునే వాక్యం ఇది: "ముఖంలా అమరిన కొన్ని బొమ్మల వైపు చూపు పట్టి ఉండే గుణం పుట్టుకకు చాలా దగ్గర నుంచే ఉంది, పెద్దవాళ్లు అందమనే ముఖాలు దానికి ఎక్కువ అందుతాయి, ఏ ముఖాలు ఎంతగా అందుతాయన్నది మూడు నెలల్లోపే చుట్టూ ఉన్న ముఖాలు మలుస్తాయి." ఇంతకుమించి రాస్తే సాక్ష్యం దాటినట్టే.

పెద్దయ్యాక ఎవరికి ఎవరు అందంగా కనిపిస్తారన్నది ఈ వాక్యంలోకి రాదు, దాన్ని ఇందులో ఇరికించకండి. లారా జర్మైన్ బృందం 2015లో 547 జతల ఏకరూప కవలలను, 214 జతల భిన్నరూప కవలలను పోల్చింది. ముఖాల విషయంలో ఒక మనిషి అభిరుచి ఇంకొకరితో తేడా పడడానికి కారణం ఎక్కువగా జన్యువులు కాదు, ఒక్కొక్కరి జీవితంలోని విడివిడి అనుభవాలేనని తేలింది. ఒకే తొట్టెల్లో పెరిగిన కవలలకు కూడా అందం విషయంలో అభిరుచులు వేరవుతున్నాయి. పురిటిబిడ్డ 1.2 సెకన్ల చూపు నుంచి పెళ్లిచూపుల దాకా గీత గీసే రాతలు మీ చేతికొస్తే, మధ్యలో ఉన్న ఆ ఇరవై ఏళ్లకు వాళ్ల దగ్గర ఏ కొలత ఉందో అడగండి.